సుప్రాకాండిలార్ ఫ్రాక్చర్, దాని నర్వులు: బట్టీ కొట్టకుండా ఎలా గుర్తుపెట్టుకోవాలి?

ఆర్థో పరీక్ష అంటే కర్నూలు హాస్టల్లో అందరూ చేసే పని ఒకటే, ఫ్రాక్చర్ పేరు పక్కన నర్వు పేరు రాసి గోడకి అంటించుకుని చదువుతారు, తీరా ఆప్షన్స్‌లో అల్నార్ కూడా కనపడితే తడబడతారు. పిల్లల్లో మోచేతి పైన విరిగే సుప్రాకాండిలార్‌ని బొమ్మగా పట్టుకుంటే ఆ తలనొప్పి ఉండదు.

ముందు గార్ట్‌లాండ్ టైపులు. ఆయన 1959లో చెప్పిన వర్గీకరణకి ఎక్స్‌రే సైడ్ వ్యూలో ఒక్క ప్రశ్న అడిగితే చాలు, వెనక కార్టెక్స్ ఏమైంది? ఎముక జరగనే లేదంటే టైపు 1, ముందు తెరుచుకున్నా వెనక ఇంకా అతుక్కునే ఉంటే టైపు 2, రెండు వైపులా పూర్తిగా విడిపోతే టైపు 3. టైపు 4 తర్వాత వేరేవాళ్ళు కలిపింది, అది మత్తిచ్చి చెయ్యి కదిపి చూసినప్పుడు తేలుతుంది, ముందుకీ వెనక్కీ రెండు వైపులా నిలవదు.

తర్వాత మోచేతి బొమ్మ గీసుకోండి. ముందు లోపలి వైపు మీడియన్ నర్వు, బ్రాకియల్ ఆర్టరీ పక్కపక్కనే, ముందు బయటి వైపు రేడియల్, వెనక లోపలి వైపు అల్నార్. ఎక్కువగా వచ్చే ఎక్స్‌టెన్షన్ టైపులో కింది ముక్క వెనక్కి పోతుంది, పై ముక్క మొన ముందుకి పొడుచుకొస్తుంది. ఇక్కడే కిటుకు: కింది ముక్క ఏ పక్కకి జరిగితే మొన దానికి ఎదురు పక్కకి పోతుంది. కింది ముక్క లోపలికి పోతే మొన బయటికి, దెబ్బ రేడియల్‌కి. బయటికి పోతే మొన లోపలికి, దెబ్బ మీడియన్‌కి, ఆర్టరీకి. వంగి విరిగే ఫ్లెక్షన్ టైపులో అల్నార్.

ఇప్పుడు కేసు చూద్దాం. ఆరేళ్ళ పిల్లోడు మిద్దె మెట్ల మీదనుంచి చెయ్యి చాపి పడినాడు. ఎక్స్‌రేలో కింది ముక్క వెనక్కి, బయటికి పోయింది, కార్టెక్స్ ఎక్కడా తగల్లేదు. అంటే టైపు 3, మొన లోపలి వైపు, అనుమానం మీడియన్ మీద, ముఖ్యంగా దాని కొమ్మ యాంటీరియర్ ఇంటరాసియస్ మీద. ఎక్స్‌టెన్షన్ టైపులో ఎక్కువగా దెబ్బతినేది అదే. వాడ్ని బొటనవేలు, చూపుడువేలు కొనలు కలిపి సున్నా చుట్టమంటే వేళ్ళు వంగవు, పప్పుగింజ పట్టుకున్నట్టు చదునుగా ఆనుకుంటాయి. ఈ నర్వుకి చర్మం మీద స్పర్శ లేదు కాబట్టి గిల్లితే నొప్పి మామూలుగానే తెలుస్తుంది, అది చూసి నర్వు బాగుందని రాసేస్తే మార్కులు పోయినట్టే.

మిగతావి వేళ్ళతోనే: బొటనవేలు, మణికట్టు పైకి ఎత్తలేకపోతే రేడియల్, వేళ్ళు ఒకదానిమీద ఒకటి మెలి వెయ్యలేకపోతే అల్నార్. ఇదంతా సర్జరీకి ముందే రాసి పెట్టాలబ్బా, పల్స్‌తో సహా. ఎందుకంటే ముందు బాగున్న అల్నార్ పిన్నింగ్ తర్వాత పోయిందంటే మొదట చూడాల్సింది లోపలి వైపు నుంచి వేసిన పిన్నునే. వైవాలో ఈ నర్వు మళ్ళీ వస్తుందా అని అడిగితే, దెబ్బతో పోయినవి ఎక్కువ శాతం కొన్ని నెలల్లో వాటంతటవే కోలుకుంటాయని, అందుకే ముందు ఆగి చూస్తామని చెప్పండి.