సంకెన్ స్లాబులో పోసిన ఫోమ్ కాంక్రీటు తెల్లారేసరికి కుంగితే: సమస్య - పరిష్కారం

సాయంత్రం దారం పట్టి సమంగా పోసిన ఫోమ్ కాంక్రీటు మర్నాడు ఉదయానికి రెండు మూడు సెంటీమీటర్లు కిందికి దిగి ఉంటుంది. ముందురోజు మట్టం ఎక్కడిదాకా ఉండేదో గోడ మీది గీత చూపిస్తుంది. పై పొర పలుచని పెంకులా గట్టిపడినా, తాపీ వెనక భాగంతో తట్టినప్పుడు అక్కడక్కడ డొల్ల శబ్దం వస్తుంది. విజయవాడ, గుంటూరు అపార్ట్‌మెంట్లలో బాత్రూమ్ సంకెన్, అంటే పైపుల కోసం స్లాబును కిందికి దించి పోసిన గుంట, నింపడానికి సిమెంటు ముద్దలో నురగ కలిపి చేసే ఈ కాంక్రీటు వాడిన చోట నన్ను ఎక్కువగా పిలిచేది ఈ సమస్యకే. మిక్సర్, నురగ యంత్రం నడపడం మీకు తెలుసనే ఉద్దేశంతో రాస్తున్నాను.

ఎంత బరువుండాలో ముందుగా చూద్దాం. పైకప్పు మీద ఎండవేడి ఆపడానికి 400 నుంచి 600, సంకెన్ నింపడానికి 600 నుంచి 1000, బరువు మోయని గోడల దిమ్మెలకు 800 నుంచి 1000 కిలోలు, ఘనపు మీటరుకు ఆరిన తరువాతి సాంద్రతలుగా సాధారణంగా వాడతారు. 2.4 మీటర్ల పొడవు, 1.5 మీటర్ల వెడల్పు, 30 సెంటీమీటర్ల లోతు ఉన్న బాత్రూమ్‌లో 1.08 ఘనపు మీటర్లు పడుతుంది. అదే లోతును ఇటుక ముక్కలు, సున్నంతో నింపితే స్లాబు మీద పడే బరువు దాదాపు రెట్టింపు అవుతుంది. ఈ పద్ధతి వాడేదే ఆ తేడా కోసం. కాబట్టి మనం కొలవవలసిన మొదటి విషయం కూడా బరువే.

మొదటి చూపు: బకెట్ తూకం

నేను ఆరిన సాంద్రత 770 దగ్గర ఉండేలా వాడే మిశ్రమంలో, ఒక్కో బ్యాచ్‌కు రెండు బస్తాల సిమెంటు, అంతే బరువు థర్మల్ కేంద్రపు బూడిద అంటే 100 కిలోలు, 76 లీటర్ల నీళ్లు, లీటరుకు 50 గ్రాములు తూగే నురగ 133 లీటర్లు పడతాయి. ఇది సుమారు 286 లీటర్లు వస్తుంది. నాలుగు బ్యాచ్‌లతో పైన చెప్పిన గది నిండి కొద్దిగా మిగులుతుంది. పచ్చిగా ఉన్నప్పుడు దీని సాంద్రత 990 దాకా ఉంటుంది గనుక, 10 లీటర్ల బకెట్ నింపి మట్టంగా గీసి తూస్తే, బకెట్ బరువు తీసేశాక 9.9 కిలోలు రావాలి. కాటా సైటు మీద లేదని చెప్పి ఈ తూకాన్ని వదిలేసిన వారిని ఎందరినో చూశాను. నురగ యంత్రానికి లక్షలు పెట్టిన చోట కాటా కొనకపోవడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది.

తూకం వేసేటప్పుడు నురగను విడిగా కూడా తూయాలి. ఒక లీటరు నురగ 50 గ్రాములకు బాగా ఎక్కువ తూగితే అది నీళ్ల నురగే. అది సిమెంటులో పడగానే విరిగిపోతుంది. నురగ సరిగా ఉండి, ముద్ద మరీ గట్టిగా ఉన్నా బుడగలు పగులుతాయి. సిమెంటు, బూడిదల మొత్తం బరువులో నీళ్లు 35 శాతానికి తగ్గితే ఆ ముద్ద తన దాహం తీర్చుకోవడానికి నురగలోని నీటినే లాగేస్తుంది. ఈ రెండూ చూశాక సగం కేసులు తేలిపోతాయి.

నన్ను దెబ్బతీసిన కారణం: బూడిదలోని బొగ్గు

మిగిలిన సగంలో ఎక్కువ కేసులకు కారణం, బకెట్ తూకం సరిగ్గా చూపించి కూడా మనల్ని మోసం చేసేది. ఇది నాకు రెండేళ్ల కిందట విజయవాడ పటమటలో ఒక అపార్ట్‌మెంట్ పనిలో అర్థమైంది. మూడు రోజులు ఒక్క గదీ కుంగలేదు. నాలుగో రోజు కొత్త లారీ బూడిద వచ్చింది. అదే సిమెంటు, అదే నురగ రసాయనం, అదే నీళ్లు. మిక్సర్ నడిపే కుర్రవాడు చెప్పినదాని ప్రకారం, ఆ రోజు 133 లీటర్ల నురగతో బకెట్ 11 కిలోలు దాటి తూగింది; 9.9కి రావడానికి 190 లీటర్ల దాకా వేయవలసి వచ్చింది. తూకం వచ్చింది గదా అని మేమంతా ఊరుకున్నాం. మర్నాడు నాలుగు గదులూ మూడు సెంటీమీటర్లు కుంగాయి. ఒక్కో గదిలో 108 లీటర్ల ఘనపరిమాణం రాత్రికి రాత్రి మాయమైందన్న మాట. కోసి చూస్తే అడుగు భాగం బరువుగా, పై భాగం పెద్ద పెద్ద రంధ్రాలతో స్పాంజిలా ఉంది.

జరిగినది ఇది. బాయిలరులో సరిగా కాలని బొగ్గు కణాలు బూడిదతో పాటు వస్తాయి. ఆ కణాల లోపల సన్నని రంధ్రాలు చాలా ఉంటాయి. నురగను నిలబెట్టే రసాయనాన్ని అవి తమ మీదికి పీల్చుకుంటాయి. ఈ పీల్చుకోవడం ఒక్క నిమిషంలో ఆగిపోదు. మిక్సర్‌లో మొదలై, గదిలో పోశాక కూడా సాగుతుంది. మిక్సర్ దగ్గర నురగ ఎక్కువ వేసి తూకం సరిపెట్టినా, ఆ బుడగల గోడలు రసాయనం తగ్గేకొద్దీ పలుచబడి, పక్క బుడగలతో కలిసిపోయి, సిమెంటు గట్టిపడేలోగా పగిలిపోతాయి. అందుచేత నురగ పరిమాణం ఒక బ్యాచ్ నుంచి మరొక బ్యాచ్‌కు పెరుగుతూ పోతుంటే, దాన్ని సర్దుబాటుగా కాక, హెచ్చరికగా చూడాలి. అక్కడే పని ఆపి ఉంటే ఆ నాలుగు గదులు మాకు మిగిలేవి.

కనిపెట్టడానికి రెండు తనిఖీలు ఉన్నాయి. మొదటిది, తూచిన బకెట్‌ను పారబోయకుండా అరగంట అలాగే ఉంచడం. మట్టం పది మిల్లీమీటర్లు దిగినా ఆ మిశ్రమం గదిలోకి పోకూడదు. ఇంకో బకెట్‌ను మిక్సర్ దగ్గర కాక, పైపు చివర పోసే చోట నింపి తూచాలి. పంపులో, పైపులో పోయే నురగ అక్కడే తెలుస్తుంది.

రెండోది, లారీ దించే ముందు చేసే సీసా పరీక్ష. రెండు గాజు సీసాలు తీసుకుని, ఒక్కో దానిలో 10 గ్రాముల సిమెంటు, 50 మిల్లీలీటర్ల నీళ్లు వేసి, ఒకదానిలో ఇప్పటిదాకా బాగా పనిచేసిన పాత బూడిద 10 గ్రాములు, మరొకదానిలో కొత్త బూడిద 10 గ్రాములు కలపాలి. నురగ రసాయనాన్ని సైటులో వాడే నిష్పత్తిలో పలచన చేసి, మందు చుక్కల గొట్టంతో ఒక్కో చుక్కా వేస్తూ, ప్రతిసారీ పదిహేను సెకన్లు ఊపి, నీటి పైన నురగ ముప్పావు నిమిషం పగలకుండా నిలిచేదాకా చుక్కలు లెక్కపెట్టాలి. పటమట బూడిదను తరువాత ఇలా చూస్తే, పాతదానికి 12 చుక్కలు, కొత్తదానికి 31 చుక్కలు పట్టాయి. పాత బూడిదకు పట్టిన చుక్కలకు ఒకటిన్నర రెట్లు దాటితే నేను లారీని తిప్పి పంపుతాను. ముదురు రంగు, నీటి పైన తేలే నల్లటి తెట్టు అనుమానానికి చాలు గాని, రుజువుకు చాలవు.

బూడిద సరఫరాదారును అడగవలసిన కాగితం, కాల్చినప్పుడు తగ్గే బరువు ఎంతో చెప్పే పరీక్ష నివేదిక. కాంక్రీటులో సిమెంటుతో వాడే బూడిదకు ఇది 5 శాతం మించరాదని భారత ప్రమాణం ఐఎస్ 3812 మొదటి భాగం చెబుతుంది. ఫోమ్ పనికి ఇంకా తక్కువ ఉన్నదే మేలు. థర్మల్ కేంద్రంలో విద్యుత్ వడపోత యంత్రం నుంచి పొడిగా వచ్చేదే కావాలి. చెరువు బూడిద తడిగా, ముతకగా, లారీకొక తీరుగా ఉంటుంది కనుక ఫోమ్‌కు పనికిరాదు. మంచి బూడిద దొరకనప్పుడు రసాయనం పెంచి నెట్టుకురావద్దు. సాంద్రతను 1000కి పైకి తీసుకుని, సన్నగా జల్లించిన ఇసుకతో పని చేయడం నయం, అయితే స్లాబు మీద పడే అదనపు బరువు ఇంజనీరుకు ముందే చెప్పాలి.

ఇప్పటికే కుంగిన గదికి ఏం చేయాలి

మూడు రోజులు ఆగి, తాపీ కొనతో గీకి చూడండి. లోపల గట్టిగా ఉండి, కేవలం మట్టం తగ్గి ఉంటే, పై పెంకును గీకి తీసి, ఉపరితలాన్ని తడిపి, నీళ్లు నిలవకుండా చూసి, అదే సాంద్రత మిశ్రమంతో మట్టం నింపవచ్చు. వేలితో నొక్కితే పొడిపొడిగా రాలే భాగం రెండు సెంటీమీటర్ల కంటే లోతుకు పోతే దాన్ని పగలగొట్టి తీసేయాలి. దాని మీద టైల్స్ వేస్తే ఆరు నెలల్లో కదులుతాయి. పటమటలో రెండు గదులు నింపాం, రెండు గదులు తవ్వాం.

అరుదైన కారణాలున్నాయి: కంప్రెసర్ గాలిలో నూనె రావడం, ఎండలో నిలిచిన వేడి రసాయనం, ఉప్పు బోరు నీళ్లు. ఇవన్నీ నురగను విడిగా తూచినప్పుడే బయటపడతాయి కాబట్టి వాటి వెంట పరుగెత్తనక్కర్లేదు. మే నెల మధ్యాహ్నం మాత్రం ఈ పని చేయవద్దు.

నీళ్లు పీల్చుకోవడం, దిమ్మెలు

సంకెన్‌లో రెండో ఫిర్యాదు, కింద గది పైకప్పు తడిగా ఉండటం. ఫోమ్ కాంక్రీటు లీకేజీని ఆపదు. లీకైన నీటిని నిల్వ చేసి, కారే చోటు తెలియకుండా చేస్తుంది. బరువులో 12.5 శాతం నీళ్లు పీల్చుకుంటే, 800 సాంద్రత ఉన్న ఆ 1.08 ఘనపు మీటర్లలో వంద లీటర్లకు పైగా నీళ్లుంటాయి. అందుచేత స్లాబు మీద వాటర్‌ప్రూఫింగ్ చేసి, నీళ్లు నింపి చూసి, పైపులకు ఒత్తిడి పరీక్ష చేశాకే నింపాలి. నింపాక పైన కూడా మరో పొర వాటర్‌ప్రూఫింగ్ ఉండాలి. నింపేశాక లీకు తేలితే తవ్వడం తప్ప దారి లేదు.

ఇదే పదార్థంతో చేసిన దిమ్మెలకు ఐఎస్ 2185 నాలుగో భాగం ఉంది. అందులో 800 సాంద్రత దిమ్మెకు సగటు బలం 2.5 ఎంపీఏ మాత్రమే, పీల్చుకోవడం పైన చెప్పిన 12.5 శాతం దాకా అనుమతి. ఇది నడుమ గోడకు సరిపోతుంది, స్లాబు బరువు మోసే గోడకు సరిపోదు. బరువు మోయాలంటే సాంద్రత 1200 నుంచి మొదలు కావాలి. గోడ కట్టాక దిమ్మెల కీళ్ల వెంట సన్నని పగుళ్లు వచ్చాయంటే, ఎక్కువగా ఆ దిమ్మెలు 28 రోజులు నిండకముందే, తడిగా సైటుకు వచ్చాయని అర్థం. గోడలో ఆరుతూ కుంచించుకుపోయి పగిలాయి. దిమ్మెలు పోసిన తేదీ లేని లాటును తీసుకోకండి. ఒక దిమ్మెను తూచి, పక్కన నీడలో వారం పెట్టి మళ్లీ తూస్తే, అది ఇంకా ఎంత నీరు వదులుతోందో తెలుస్తుంది. పగుళ్లు వచ్చేసిన గోడకు, కదలిక ఆగేదాకా రెండు మూడు నెలలు ఉంచి, కీళ్లను కాస్త లోతుగా గీకి నింపి, వాటి మీదుగా ఫైబర్ వల పట్టీ అతికించి ప్లాస్టరు చేయండి.