పైల్స్ మళ్లీ రాకుండా ఉండాలంటే: చికిత్స అయ్యాక ఏం తినాలి, టాయిలెట్‌లో ఎలా కూర్చోవాలి, బరువు ఎలా తగ్గాలి

బ్యాండ్ వేసినా, లేజర్ చేసినా, కోసి తీసినా డాక్టర్ తీసేది ఉబ్బిన గడ్డనే. అది ఉబ్బడానికి కారణమైన గట్టి విరేచనం, ముక్కడం మన దగ్గరే ఉండిపోతాయి. రక్తం ఆగి నొప్పి పోయిన రెండు నెలలకు ఇసబ్‌గోల్ డబ్బా అటకెక్కుతుంది. తిరగబెట్టడం సాధారణంగా అక్కడే మొదలవుతుంది.

విషయం తేలిగ్గా అర్థం కావడానికి ఒక మనిషిని ఊహించుకుందాం. గాజువాక వైపు ఫ్యాక్టరీలో షిఫ్టులు చేసే 46 ఏళ్ల ఆయన. బరువు 84 కిలోలు, నడుము 102 సెంటీమీటర్లు. బ్యాండింగ్ చేయించుకుని నెల దాటింది, ఇప్పుడు ఏ బాధా లేదు.

మొదటి పని: తినేదాంట్లో పీచు లెక్క చూడటం

ఆయన పొద్దున్న నాలుగు ఇడ్లీలు, కొబ్బరి చట్నీ తింటారు. మధ్యాహ్నం రెండుసార్లు వడ్డించుకున్న తెల్లన్నం, చేపల పులుసు, పేరుకి ఒక చెంచా కూర. సాయంత్రం టీతో మిరపకాయ బజ్జీ. రాత్రి అన్నం, పప్పుచారు, గుడ్డు. కడుపు నిండుతుంది కానీ పీచు 12 గ్రాములు దాటదు. కావాల్సింది రోజుకి 25 నుంచి 30 గ్రాములు. చేపలో, చికెన్‌లో, గుడ్డులో పీచు అసలు ఉండదు. వాటిని మానేయమని కాదు, పక్కన కూర పెరగాలి.

ఇలా మారుద్దాం. పొద్దున్న పొట్టుతో ఉన్న పెసలు 50 గ్రాములు నానబెట్టి రుబ్బిన పెసరట్లు వేసుకుంటే 8 గ్రాములు అక్కడే వస్తాయి. కొన్ని రోజులు దాని బదులు చోడి అంబలి తాగొచ్చు, 50 గ్రాముల చోడిపిండికి 5 గ్రాముల పైనే. మధ్యాహ్నం అన్నం మూడో వంతు తగ్గించి, ఆ ఖాళీలో బెండకాయో గోరుచిక్కుడో తోటకూరో నిండు కప్పున్నర పెట్టుకుంటే ఇంకో 6. సాయంత్రం బజ్జీ బదులు ఒక జామకాయ తింటే 5. రాత్రి గుప్పెడు బొబ్బర్ల గుగ్గిళ్లు, 4. మిగతా తిండిలో వచ్చేది కలిపితే 27 దాకా వచ్చేస్తుంది. ఇందులో ఖరీదైనదేమీ లేదు, అన్నీ రైతుబజారులో దొరికేవే.

ఇవన్నీ ఒకే రోజు మొదలుపెడితే మాత్రం కడుపు ఉబ్బి, గ్యాస్ పట్టి, మూడో రోజుకే మళ్లీ ఇడ్లీకి వచ్చేస్తారు. వారానికి ఒక్క మార్పు చాలు.

నీళ్ల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. పీచు పెంచి నీళ్లు పెంచకపోతే విరేచనం ఇంకా గట్టిపడుతుంది. విశాఖ ఉక్కపోతలో చెమట రూపంలో పోయేది ఎక్కువ కాబట్టి పది గ్లాసులకు తగ్గకూడదు. మూత్రం రంగు లేత పసుపులో ఉంటే సరిపోయినట్టే. కిడ్నీ, గుండె జబ్బులున్నవాళ్లు మాత్రం డాక్టర్ చెప్పిన కొలతే తాగాలి.

తిండితో లెక్క కుదరని రోజుల్లో ఇసబ్‌గోల్ ఒక టీస్పూను పెద్ద గ్లాసు నీళ్లలో కలిపి, చిక్కబడకముందే తాగి, వెంటనే ఇంకో గ్లాసు నీళ్లు తాగాలి. క్రమంగా రెండు టీస్పూన్ల దాకా పెంచవచ్చు. బీపీ, షుగర్ మాత్రలకీ దీనికీ రెండు గంటల ఎడం ఉంచండి. ఇది విరేచనాల మందు కాదు, తిండిలో భాగంలాంటిది, ఏళ్ల తరబడి వాడినా ఇబ్బంది లేదు. పైల్స్ ఉన్నవాళ్లు పీచు పెంచితే రక్తం పడటం దాదాపు సగానికి తగ్గిందని పరిశోధనల్లో తేలింది. సునాముఖి చూర్ణాల్లాంటివి రోజూ వాడటం వేరే సంగతి. నీళ్ల విరేచనాలు పదేపదే అయినా ఆ భాగం రేగుతుంది.

అన్నట్టు, ఆవకాయ తింటే పైల్స్ వస్తాయని మన ఇళ్లలో గట్టి నమ్మకం. కారం వల్ల వెళ్లేటప్పుడు మంట పుట్టొచ్చు కానీ గడ్డ రాదు. ఒక ముద్ద కలుపుకోండి, పరవాలేదు.

రెండో పని: టాయిలెట్‌లో ఐదు నిమిషాలు

నన్నడిగితే అసలు గొడవంతా ఫోన్‌తోనే. కమోడ్ మీద కూర్చున్నప్పుడు కింద ఆధారం లేని భాగంలోకి రక్తం చేరి నరాలు ఉబ్బుతాయి. రీల్స్ చూస్తూ ఇరవై నిమిషాలు కూర్చుంటే ముక్కకపోయినా నష్టమే. ఫోన్ బయట పెట్టి వెళ్లండి. ఐదు నిమిషాల్లో కాకపోతే లేచి వచ్చేయండి, మళ్లీ వచ్చినప్పుడు వెళ్లొచ్చు.

వెస్ట్రన్ కమోడ్ అయితే ఆరు నుంచి ఎనిమిది అంగుళాల ప్లాస్టిక్ పీట ఒకటి ముందు వేసుకోవాలి. పాదాలు రెండూ దాని మీద ఆనించి, మోకాళ్లు తొడ మొదలు కంటే పైకి వచ్చేలా కూర్చుని, కాస్త ముందుకు వంగి మోచేతులు తొడల మీద పెట్టుకోండి. ఇలా కూర్చుంటే పేగు చివర ఉండే వంపు సాపు అవుతుంది. పొట్ట వదులుగా వదిలి, నోరు కొద్దిగా తెరిచి నెమ్మదిగా ఊపిరి వదలాలి. ఊపిరి బిగబట్టారంటే ముక్కుతున్నట్టే. తర్వాత జెట్ స్ప్రే పూర్తి వేగంతో కొట్టకుండా మెల్లగా కడిగి, మెత్తటి గుడ్డతో అద్దండి, రుద్దకండి.

ఎప్పుడు వెళ్లాలనేదీ ముఖ్యమే. నిద్ర లేచాక మొదటిసారి గట్టిగా తిన్న అరగంటలోపు పెద్దపేగు కదలడం మామూలు. నైట్ షిఫ్ట్ వారంలో మన ఉదాహరణలోని ఆయన మధ్యాహ్నం రెండింటికి లేస్తారు. ఆ వారం ఆయనకి పొద్దు అంటే అదే, భోజనమయ్యాక ఒకసారి వెళ్లి చూడాలి. ఫ్యాక్టరీలో బాత్రూం బాగోలేదని డ్యూటీ అంతా ఆపుకుంటే పేగు ఇంకా నీళ్లు పీల్చేసి, మర్నాటికి మేక పెంటికల్లా గట్టిగా ఉండలు వస్తాయి. అలా వచ్చిందంటే పీచో నీళ్లో తగ్గాయని, లేదా ఆపుకున్నారని అర్థం.

మూడో పని: బరువు

దీనికి పీచుకున్నంత గట్టి రుజువు లేదు. కానీ పొట్ట చుట్టూ కొవ్వు ఉంటే కింది నరాల మీద ఒత్తిడి పెరుగుతుంది కాబట్టి తగ్గితే మేలు. మగవాళ్లకి నడుము 90, ఆడవాళ్లకి 80 సెంటీమీటర్ల లోపు ఉండాలి. మన ఆయనకి తొలి గురి 84 నుంచి 79 కిలోలు, వారానికి అర కిలో మించకుండా.

చాలామంది బోల్తా పడేది తొందరలో. అన్నం పూర్తిగా మానేసి గుడ్లు, చికెన్ మీద పడితే కిలోలు తగ్గుతాయి, మలబద్ధకం తిరిగొస్తుంది. తగ్గించాల్సింది రెండోసారి వడ్డన, బజ్జీలు, తీపి టీలు. బీచ్ రోడ్డులోనో వీధిలోనో రోజూ అరగంట చురుగ్గా నడిస్తే పేగు కూడా కదులుతుంది. జిమ్‌కి వెళ్లేవాళ్లు ఊపిరి బిగబట్టి బరువులు ఎత్తకూడదు. గ్యాస్ సిలిండర్ ఎత్తేటప్పుడూ అంతే, ఊపిరి వదులుతూ ఎత్తాలి.

ఎప్పుడు డాక్టర్ దగ్గరికి?

బ్యాండ్ వేసిన వారం పది రోజులకు అది రాలేటప్పుడు కొద్దిగా రక్తం కనబడవచ్చు, అది తిరగబెట్టడం కాదు. ధారగా వస్తే, జ్వరం వస్తే, మూత్రం ఆగిపోతే మాత్రం అప్పుడే వెళ్లాలి. ఐరన్, కాల్షియం మాత్రలు, కొన్ని బలమైన నొప్పి మాత్రలు మలబద్ధకం తెస్తాయి. అవి కొత్తగా మొదలైతే ఆ మాట డాక్టర్‌తో చెప్పండి, మార్చడానికి వీలుంటుంది.

నెలల తర్వాత రక్తం మళ్లీ కనిపిస్తే పాత పైల్సే అనుకుని మందుల షాపులో క్రీము కొనుక్కోకండి. విరేచనం నల్లగా ఉన్నా, రక్తం అందులో కలిసి వస్తున్నా, వెళ్లే అలవాటు కొన్ని వారాలుగా మారిపోయినా, బరువు దానంతటదే తగ్గుతున్నా, నీరసంగా ఉండి రక్తహీనత తేలినా పరీక్ష చేయించుకోవాలి. 45 దాటినవాళ్లకి, ఇంట్లో ఎవరికైనా పేగు క్యాన్సర్ వచ్చి ఉన్నవాళ్లకి కొలనోస్కోపీ అవసరమా అని అడగండి. కేజీహెచ్ సర్జరీ ఓపీకి వెళ్లినా, ప్రైవేటులో చూపించుకున్నా పాత చికిత్స కాగితాలు, వాడుతున్న మాత్రలు వెంట తీసుకెళ్లండి.