సేల్‌కి ముందు ఏ చిన్న మార్పైనా స్టేజింగ్‌లో మీరు చూశాకే లైవ్‌లోకి: ఎందుకో, ఎలాగో

నమస్కారమండీ,

"అడుగున ఒక్క ఆఫర్ స్ట్రిప్ పెట్టడానికి స్టేజింగ్ ఎందుకండీ, అయిదు నిమిషాల పని, నేరుగా లైవ్‌లో పెట్టేయండి" అని నిన్న ఫోన్‌లో అన్నారు. పని అయిదు నిమిషాలదే, ఆ మాట నిజం. ముందు నకలు సైట్‌లో, అంటే స్టేజింగ్‌లో, చూడకుండా ఎందుకు వద్దంటున్నానో అప్పుడు సరిగ్గా చెప్పలేకపోయాను. సేల్‌కి ఇంకా మూడు వారాలుంది, ఈలోగా ఇలాంటివి ఇంకా చాలా వస్తాయి కాబట్టి ఒకసారి వివరంగా రాస్తున్నాను.

అచ్చంగా ఇలాంటి స్ట్రిప్పే గతంలో ఇంకో క్లయింట్ సైట్‌లో పెట్టాను. సాయంత్రం ఆరింటికి అడిగారు, ఆరున్నరకల్లా లైవ్‌లో ఉంది. నా లాప్‌టాప్‌లో చూశాను, బాగుంది. వాళ్లూ చూశారు, బాగుందన్నారు. మర్నాడు పదకొండింటికి ఫోన్ వచ్చింది: "రాత్రి నుంచి ఆర్డర్లు బాగా తగ్గాయి, పేమెంట్ గేట్‌వేలో ఏమైనా సమస్యా?" గేట్‌వేలో ఏమీ లేదు. సైట్ నడుస్తోందో లేదో చూసే మానిటర్ రాత్రంతా పచ్చగానే ఉంది. ఎర్రర్ లాగ్‌లో ఒక్క లైను కూడా లేదు.

తప్పు ఇక్కడుంది:

```css
.offer-strip {
  position: fixed;
  bottom: 0;
  width: 100%;
  z-index: 9999;
}
```

దీని అర్థం: ఈ స్ట్రిప్ స్క్రీన్ అడుగున అతుక్కుని ఉండాలి, మిగతా అన్నిటికంటే పైపొరలో కనబడాలి. లాప్‌టాప్‌లో చెక్అవుట్ పేజీ తెరిస్తే "ఆర్డర్ చేయండి" బటన్ కుడివైపు, బిల్లు మొత్తం కింద ఉంటుంది. స్ట్రిప్‌కీ దానికీ సంబంధం లేదు. ఫోన్‌లో మాత్రం ఆ బటన్ కూడా స్క్రీన్ అడుగునే అతుక్కుని ఉండేలా ఏడాది క్రితం నేనే రాశాను, వేలికి దగ్గరగా ఉంటుందని. దాని z-index 100. ఇప్పుడు రెండూ ఒకే చోట, 9999 పైన, 100 కింద. అంటే ఫోన్‌లో కొనేవాళ్లకి బటన్ లేదు. అడ్రస్ అంతా నింపి, బటన్ కోసం కిందికీ పైకీ జరిపి చూసి, వెళ్లిపోయారు. వాళ్ల ఆర్డర్లలో చాలాభాగం ఫోన్ నుంచే వచ్చేవి.

మరి ఉదయం నేనూ వాళ్లూ ఫోన్‌లో చూసినప్పుడు ఎందుకు కనబడలేదు? స్ట్రిప్ మూలన ఒక ఇంటూ గుర్తు ఉంది. ఒకసారి మూసేస్తే ఏడు రోజుల పాటు మళ్లీ రాకూడదని కుకీ పెట్టాను. రాత్రే ఇద్దరం హోమ్ పేజీలో స్ట్రిప్‌ని చూసి, బాగుందనుకుని, మూసేశాం. దాంతో మా ఇద్దరి ఫోన్లలో చెక్అవుట్ పేజీ శుభ్రంగా ఉంది, కొత్తగా వచ్చినవాళ్లకి లేదు. "మా ఫోన్‌లో బాగానే ఉందే" అనుకుంటూ గంటన్నర గేట్‌వే వాళ్లతో మాట్లాడాం. చివరికి ప్రైవేట్ విండో తెరిచి చూస్తే ఒక్క నిమిషంలో తేలింది.

సరిచేశాక కూడా కథ అవలేదు. పై కోడ్ ఉండే CSS ఫైల్‌ని బ్రౌజర్లు 24 గంటలు దాచుకునేలా సర్వర్‌లో సెట్ చేసి ఉంది. సర్వర్‌లో ఫైల్ మారినా, పాత ఫైల్ దాచుకున్న ఫోన్లు దాన్నే వాడుతూ పోయాయి. ఫైల్ పేరు చివర వెర్షన్ నంబర్ మార్చి, పేజీ కాష్ ఖాళీ చేస్తే తప్ప అందరికీ కొత్తది చేరలేదు. లైవ్‌లో తప్పు జరిగితే వెనక్కి తీసుకోవడం కూడా లైట్ స్విచ్ ఆపినంత తేలిక కాదని నాకు అప్పుడే బాగా తెలిసొచ్చింది.

మీ సైట్‌లో కూడా ఫోన్ చెక్అవుట్ బటన్ అడుగునే అతుక్కుని ఉంటుంది. అందుకే నిన్న తటపటాయించాను.

స్టేజింగ్ అంటే మీ సైట్‌కి పక్కా నకలు. అవే ఫైళ్లు, అదే థీమ్, అవే ప్లగిన్లు అవే వెర్షన్లలో, డేటాబేస్ కూడా ఇటీవలి కాపీ. తేడాలు కొన్నే, అవి కావాలని పెట్టేవి. పాస్‌వర్డ్ లేకుండా తెరుచుకోదు, కాబట్టి కస్టమర్లూ సెర్చ్ ఇంజన్లూ లోపలికి రాలేరు. పేమెంట్ గేట్‌వే టెస్ట్ మోడ్‌లో ఉంటుంది, డబ్బు కదలదు. మెయిళ్లు బయటికి పోకుండా ఒకచోట ఆగుతాయి. ఈ చివరిదాన్ని నేను రెండుసార్లు తనిఖీ చేస్తాను. డేటాబేస్ కాపీలో నిజం కస్టమర్ల మెయిల్ ఐడీలు ఉంటాయి మరి. "మీ ఆర్డర్ రద్దయింది" అని నేను ఆడుకుంటూ నొక్కినది వాళ్లకి చేరితే ఇంకేమైనా ఉందా. వర్డ్‌ప్రెస్ సెట్టింగ్స్ ఉండే wp-config.php ఫైల్‌లో ఈ లైను పెడితే చాలనుకుంటారు కొందరు:

```php
define( 'WP_ENVIRONMENT_TYPE', 'staging' );
```

ఇది పేరు పెట్టడం మాత్రమే. ఈ పేరు చూసి జాగ్రత్తపడే ప్లగిన్లు కొన్ని ఉన్నాయి గానీ, మెయిళ్లను ఇది తనంతట తాను ఆపదు. ఆపే ఏర్పాటు విడిగా చేయాలి. కాపీ తీయగానే కస్టమర్ల పేర్లూ మెయిళ్లూ ఫోన్ నంబర్లూ ఉత్తుత్తి వాటితో మార్చేస్తాను, అది మరో కట్టుదిట్టం.

మీరు రెండో మార్పు కూడా అడిగారు: చెక్అవుట్‌లో ఫోన్ నంబర్ తప్పనిసరి కాకుండా చేయమని. కొనేవాళ్లకి ఒక గడి తగ్గుతుంది, ఆలోచన మంచిదే. సెట్టింగ్స్‌లో ఒక్క ఎంపిక మారిస్తే చాలు. కానీ ఆర్డర్ పడగానే మీ కొరియర్ ప్లగిన్ లేబుల్ కోసం వివరాలు పంపుతుంది. ఫోన్ నంబర్ ఖాళీగా ఉంటే కొరియర్ వైపు దాన్ని తిప్పికొట్టే అవకాశం ఉంది. అప్పుడు కస్టమర్‌కి ఆర్డర్ పడినట్టే ఉంటుంది, మీకు డబ్బు వచ్చినట్టే ఉంటుంది, లేబుల్ మాత్రం పుట్టదు. స్ట్రిప్ తప్పు మర్నాటికే తెలిసింది. ఇది "నా పార్సిల్ ఏదండీ" అని మూడో రోజు ఎవరో అడిగితే గానీ తెలియదు. సేల్‌లో అయితే అప్పటికి అలాంటివి ఎన్ని పోగవుతాయో మీరే ఊహించండి. స్టేజింగ్‌లో నంబర్ లేకుండా ఒక టెస్ట్ ఆర్డర్ వేసి, కొరియర్ వాళ్ల టెస్ట్ ఖాతా ఏమంటుందో చూస్తే పది నిమిషాల్లో తేలిపోతుంది.

ఇక మీరు చేయాల్సింది. నేను చూశాను కదా, మీరెందుకు చూడాలంటే, నేను రాసింది పనిచేస్తోందా అని నా కన్ను చూస్తుంది. మీ కస్టమర్ ఎక్కడ ఆగిపోతాడో మీ కన్నుకి తెలుస్తుంది. ప్రతి మార్పుకీ స్టేజింగ్ లింకు పంపుతాను. ఫోన్‌లో, ప్రైవేట్ విండోలో తెరవండి. లాప్‌టాప్‌లో బ్రౌజర్‌ని సన్నగా చేసి చూడటం ఫోన్‌లో చూసినట్టు కాదు. ఫోన్‌లో కీబోర్డు లేచినప్పుడు సగం స్క్రీన్ పోతుంది, అడుగున అతుక్కున్నవి కొన్ని దానితోపాటు పైకి లేస్తాయి, కొన్ని దాని వెనక దాక్కుంటాయి. హోమ్ పేజీ చూసి బాగుందని ఆపకండి. మార్పు ఎక్కడ జరిగినా సరే, ఒక వస్తువు కార్ట్‌లో వేసి, అడ్రస్ నింపి, నేను ఇచ్చే టెస్ట్ కార్డుతో ఆర్డర్ ముగించి, ధన్యవాదాల పేజీ దాకా వెళ్లండి. తర్వాత ఒకసారి కావాలనే పేమెంట్ మధ్యలో వెనక్కి వచ్చేయండి. కార్ట్ ఖాళీ అయిపోతోందా, అలాగే ఉందా చూడండి. మొత్తం పావుగంట. తేడా కనబడితే స్క్రీన్‌షాట్ తీసి, ఏ ఫోనో రాసి పంపండి. అంతా సరిగా ఉంటే ఆ లింకు వచ్చిన మెయిల్‌కే "చూశాను, లైవ్ చేయండి" అని జవాబివ్వండి. ఫోన్‌లో చెప్పినా వింటాను గానీ, మెయిల్ వచ్చాకే చేస్తాను. ఏ వెర్షన్‌కి మీరు సరేనన్నారో తర్వాత ఇద్దరికీ గుర్తుండాలి కదా.

లైవ్‌లోకి తెచ్చేటప్పుడు కోడ్ మాత్రమే స్టేజింగ్ నుంచి వెళ్తుంది. స్టేజింగ్ డేటాబేస్‌ని లైవ్ మీదికి ఎప్పుడూ నెట్టను. కొన్ని హోస్టింగ్ ప్యానెల్స్‌లో అలా నెట్టే బటన్ ఒకటి ఊరిస్తూ ఉంటుంది. దాన్ని నొక్కితే, కాపీ తీసిన రోజు నుంచి ఇవాళ్టి దాకా లైవ్‌లో పడిన ఆర్డర్లన్నీ చెరిగిపోతాయి. మీ దగ్గరా ఆ ప్యానెల్ లాగిన్ ఉంది కాబట్టి చెప్తున్నాను, దాని జోలికి వెళ్లకండి. సెట్టింగ్స్ మార్పులుంటే ఒక కాగితం మీద రాసుకుని లైవ్‌లో చేత్తో మళ్లీ చేస్తాను. ముందు బ్యాకప్ తీస్తాను, ఉదయం ఆర్డర్లు తక్కువుండే వేళ పెడతాను, ఆ తర్వాత రెండు గంటలు కూర్చుని చూస్తాను. చెక్అవుట్ పేజీకి వచ్చేవాళ్ల సంఖ్య మామూలుగా ఉండి ఆర్డర్లు మాత్రం ఆగిపోతే, ఏదో అడ్డం పడిందని అర్థం. ఫోన్ లెక్కా లాప్‌టాప్ లెక్కా విడివిడిగా చూస్తేనే అది పట్టుబడుతుంది, కలిపి చూస్తే ఒకటి ఇంకోదాన్ని కప్పేస్తుంది.

స్టేజింగ్‌లో తేలనివి కూడా ఉన్నాయి. సేల్ రోజు ఒకేసారి వచ్చే జనం తాకిడి అక్కడ కనబడదు, దానికి వేరే పరీక్ష చేయాలి, వచ్చే వారం దాని సంగతి మాట్లాడదాం. గేట్‌వే టెస్ట్ మోడ్‌లో బాగా పనిచేసి, లైవ్ కీలలో పొరపాటుంటే ఆగిపోవచ్చు. అందుకే చెక్అవుట్‌ని తాకే మార్పు ఏదైనా లైవ్ అయిన వెంటనే అన్నిటికంటే చవకైన వస్తువుని నిజం కార్డుతో నేనే కొంటాను. మీరు దాన్ని రద్దు చేసి డబ్బు వెనక్కి పంపండి. డబ్బు తిరిగి వచ్చే దారి కూడా దాంతో పరీక్ష అయిపోతుంది.

ధరలు, స్టాక్, ఫోటోలు, వస్తువుల వివరణలు మీరు అడ్మిన్‌లో మార్చుకునేవి. వాటికి ఇదేమీ అక్కర్లేదు, ఎప్పట్లాగే మార్చుకోండి. ప్లగిన్ల అప్‌డేట్ బటన్ మాత్రం నొక్కవద్దు, అదీ కోడ్ మార్పే. సేల్‌కి వారం ముందు నుంచి కొత్త మార్పులు పూర్తిగా ఆపేస్తాను. ఆ వారంలో ఏదైనా విరిగితే బాగుచేస్తాను, అదీ స్టేజింగ్ మీదుగానే, కాకపోతే మీరూ నేనూ ఫోన్‌లో ఉండగానే పావుగంటలో ముగించేద్దాం.

స్ట్రిప్ ఇవాళ రాత్రికి స్టేజింగ్‌లో ఉంటుంది. చెక్అవుట్ పేజీలో అసలు రాకుండా చేస్తున్నాను. కొనడానికి సిద్ధపడ్డవాళ్లకి మళ్లీ ఆఫర్ గురించి చెప్పాల్సిన పనిలేదు. ఫోన్ నంబర్ మార్పు కొరియర్ టెస్ట్ ఖాతా వివరాలు అందాక మొదలుపెడతాను, అవి మీ దగ్గరే ఉండాలి, వీలైతే రేపు పంపండి. లింకు ఇంకో మెయిల్‌లో వస్తుంది, పాస్‌వర్డ్ మీ ఫోన్‌కి విడిగా పంపుతాను.

ఉంటానండీ.