బండి కదల్లేదు, మ్యాప్‌లో మాత్రం పక్క వీధిలో ఉంది: ఎందుకు, ఏం చేయాలి

సమస్య ఎప్పుడూ ఒకేలా వస్తుంది. ఫోనో, బండిలో పెట్టిన ట్రాకరో, ఉన్న చోటు వదిలేసి ఇరవై ముప్పై మీటర్లు పక్కకు చూపిస్తుంది. డెలివరీ అబ్బాయి షాపు ముందే నిలబడి ఉంటాడు, మ్యాప్‌లో చుక్క వెనక సందులో ఉంటుంది. ఆగి ఉన్న వ్యాన్ అర్ధరాత్రి రోడ్డు దాటినట్టు ఓనర్‌కు మెసేజ్ వస్తుంది. నెల్లూరులో బండ్లకు ట్రాకర్లు బిగించడం, మళ్లీ వాటి కంప్లయింట్లు చూడడం నా పని. ఈ కంప్లయింట్ మీద నాకు ఫోన్ రాని వారం లేదు.

ముందు చేయాల్సిన చెక్, అందరూ వదిలేసేది

ఫోన్ గానీ బండి గానీ తీసుకొని ఖాళీ జాగాకు పోండి. వీఆర్‌సీ గ్రౌండ్ కావచ్చు, పెన్నా గట్టు కావచ్చు, ఏదీ లేకపోతే మీ మేడ మీదకు ఎక్కండి. చుట్టూ ఆకాశం కనబడే చోట ఐదు నిమిషాలు కదలకుండా ఉంచి చూడండి. అక్కడ చుక్క సరిగ్గా నిలబడితే మీ ఫోన్ బాగుంది, ట్రాకర్ బాగుంది, వైరింగ్ బాగుంది, వాటి మీద రూపాయి కూడా ఖర్చు పెట్టొద్దు. ఈ ఐదు నిమిషాల పని చేయకుండా నేరుగా ఫోన్ విప్పించి యాంటెన్నా మార్పించుకొని, ఆ తర్వాత నా దగ్గరకు వచ్చినవాళ్లను చూస్తే నిజంగా బాధేస్తుంది.

ఖాళీ జాగాలో కూడా తప్పే చూపిస్తే అప్పుడు సెట్టింగులు చూడాలి. ఫోన్‌లో ఆ యాప్‌కు Use precise location ఆన్‌లో ఉందా, బ్యాటరీ సేవర్ ఆఫ్‌లో ఉందా చూడండి. ట్రాకర్ అయితే డ్యాష్‌బోర్డు కింద ఇనుప రేకు చాటున తలకిందులుగా కట్టి ఉండొచ్చు, దాన్ని పైకి తిప్పి ప్లాస్టిక్ కింద పెట్టండి. ఇవి మీకు తెలిసినవే, వీటి గురించి ఇంతకంటే చెప్పను.

ఖాళీ జాగాలో బాగుండి, వీధిలో తప్పు చూపిస్తుంటే

అసలు కథ ఇక్కడే ఉంది. ఇది అర్థం కావాలంటే జీపీఎస్ ఏం కొలుస్తుందో కొంచెం తెలియాలి. శాటిలైట్ మీ ఫోన్‌ను చూడదు, మీ ఫోన్ శాటిలైట్‌కు ఏమీ పంపదు. దాదాపు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఒక్కో శాటిలైట్ "నేను ఫలానా చోట ఉన్నాను, నా గడియారంలో ఇప్పుడు ఇంత టైం" అని రేడియోలో చెబుతూ పోతుంటుంది, అంతే. ఆ మాట మన నెత్తి మీద ఉన్న శాటిలైట్ నుంచి మన దగ్గరకు రావడానికి సెకనులో పదిహేనో వంతు పడుతుంది. ఎంతసేపటికి వచ్చిందో చూసి, దాన్ని కాంతి వేగంతో గుణిస్తే ఆ శాటిలైట్ ఎంత దూరంలో ఉందో తెలుస్తుంది. మూడు శాటిలైట్ల దూరాలు తెలిస్తే మనం ఉన్న చోటు తేలాలి కదా, కానీ ఫోన్‌లో ఉండేది శాటిలైట్‌లో ఉన్నలాంటి అణు గడియారం కాదు, చవక గడియారం. అది ఎంత తప్పుగా నడుస్తోందో కూడా లెక్కలో కనుక్కోవాలి కాబట్టి నాలుగో శాటిలైట్ కావాలి.

అంటే జీపీఎస్‌కు దూరం అన్నా టైం అన్నా ఒకటే. సెకనులో పది లక్షల వంతు తేడా వస్తే 300 మీటర్లు తప్పు. అన్ని శాటిలైట్ల సిగ్నల్ ఒకే మాదిరి ఆలస్యమైతే నష్టం లేదు, ఆ ఆలస్యాన్ని ఫోన్ తన గడియారం తప్పుగా తీసుకొని సరిచేసుకుంటుంది. ఒక్క వైపు నుంచి వచ్చేది మాత్రమే ఆలస్యమైతే లెక్క వంకర తిరుగుతుంది. గోడలు చేసేది సరిగ్గా ఆ పనే.

"మన నెల్లూరులో అంత పెద్ద బిల్డింగులు యాడున్నాయి" అంటారు. బిల్డింగ్ ఎంత ఎత్తు అన్నది ఒక్కటే చూస్తే తెలియదు, దాని ముందు రోడ్డు ఎంత వెడల్పో కూడా చూడాలి. ఇరవై అడుగుల సందుకు రెండు వైపులా నాలుగంతస్తులు లేస్తే, కింద నిలబడ్డవాడికి ఆకాశం సన్నటి పట్టీలాగే కనిపిస్తుంది. ఆ పట్టీలో దొరికే కొద్ది శాటిలైట్లు సందు పొడవునే వరసగా ఉంటాయి. అందుకే చుక్క ముందుకూ వెనక్కూ పెద్దగా జరగదు, అడ్డంగా జరిగి పక్క వీధిలో పడుతుంది.

నన్ను రెండు వారాలు తిప్పిన కేసు

పొగతోటలో మందులు సప్లై చేసే ఒక పెద్దాయన వ్యాన్. రాత్రి పూట ఒకే చోట పెడతారు. వ్యాన్ 25 మీటర్లు దాటి కదిలితే ఓనర్‌కు మెసేజ్ వచ్చేలా హద్దు పెట్టాం. ఒక రోజు పొద్దున్నే ఫోన్: "ఏందబ్బయ్యా, రాత్రి రెండున్నరకు బండి ఎవరో తీశారంట, డ్రైవరేమో నేను తీయలేదంటున్నాడు." పోయి చూశాను. బండి పెట్టిన చోటే ఉంది, కిలోమీటర్ల మీటరు కూడా మారలేదు. వైరింగ్ లూజ్ అనుకొని మళ్లీ బిగించాను. మరునాడూ మెసేజ్ వచ్చింది. ట్రాకరే మార్చాను, అదే కంపెనీది, అదే మోడల్. మళ్లీ వచ్చింది. పాపం ఆ డ్రైవర్ మీద అనుమానం పెరుగుతోంది, ఆయన టెన్షన్‌తో నాకే రోజూ ఫోన్ చేస్తున్నాడు.

చివరికి మెసేజ్‌లు వచ్చిన టైములన్నీ ఒక కాగితం మీద రాసుకున్నాను. మొదటి రాత్రి 2:40. తర్వాత 2:36. ఆ తర్వాత 2:32. వారం దాటేసరికి 2:12. రోజుకు నాలుగు నిమిషాల చొప్పున ముందుకు జరుగుతోంది. ఏ దొంగా, ఏ డ్రైవరూ రోజూ నాలుగు నిమిషాలు ముందుగా రాడు, లూజ్ వైరు కూడా అట్లా టైం పాటించదు. నక్షత్రాల లెక్కన భూమి ఒక చుట్టు తిరగడానికి 24 గంటలు పట్టదు, సుమారు 23 గంటల 56 నిమిషాలు పడుతుంది. జీపీఎస్ శాటిలైట్లు ఆ వ్యవధిలో భూమిని రెండుసార్లు చుట్టి వస్తాయి. కాబట్టి ఈ రోజు 2:40కి మన నెత్తిన ఉన్న శాటిలైట్ల అమరిక రేపు 2:36కే వస్తుంది. అంటే తప్పు బండిలో లేదు. ఆకాశంలో ఒక అమరిక, కింద ఆ గోడలు, రెండూ కలిసినప్పుడు వస్తోంది.

రాత్రి పోయి అక్కడే నిలబడ్డాను. వ్యాన్ ఉత్తర దక్షిణాలుగా ఉన్న వీధిలో, పడమటి వైపు ఐదంతస్తుల బిల్డింగ్‌కు ఆనించి పెడతారు. తూర్పు వైపు పార్కింగ్ జాగా, దాని వెనక పద్దెనిమిది మీటర్ల దూరంలో ఐదంతస్తుల అద్దాల గోడ. ఫోన్‌లో ఏ శాటిలైట్ ఎక్కడుందో చూపించే GPSTest యాప్ తెరిచి చూస్తే పడమట 35 డిగ్రీల ఎత్తులో ఒక శాటిలైట్ చూపిస్తోంది. ఆ దిక్కుకు చెయ్యి చాపితే నా చెయ్యి సూటిగా పక్క బిల్డింగ్ గోడను చూపిస్తోంది. గోడ అవతల ఉన్న శాటిలైట్ సిగ్నల్ నాకెట్లా అందుతోంది? ఆ బిల్డింగ్ పై నుంచి దాటి, ఎదురుగా ఉన్న అద్దాల గోడకు తగిలి, తిరిగి మా వైపు వస్తోంది. దాని సిగ్నల్ బలం 25 దగ్గర ఆడుతుంటే, నెత్తి మీదున్న వాటికి 40 పైన ఉంది.

లెక్క వేస్తే, ఎదురు గోడ దాకా పోయి తిరిగి రావడంలో సిగ్నల్ సుమారు 29 మీటర్లు ఎక్కువ నడిచింది. టైం లెక్కన సెకనులో కోటో వంతు ఆలస్యం. ట్రాకర్ ఏమనుకుంటుంది? "పడమటి శాటిలైట్‌కు నేను 29 మీటర్లు ఎక్కువ దూరంలో ఉన్నాను, అంటే తూర్పుకు జరిగాను" అనుకుంటుంది. అద్దం ముందు నిలబడితే మన బొమ్మ అద్దం వెనక కనిపించినట్టే, చుక్క ఎదురు గోడ వెనక వైపుకు లాగబడుతుంది. మామూలప్పుడు మంచి శాటిలైట్లు సరిపడా ఉంటాయి కాబట్టి ఈ ఒక్కటీ లెక్కను చెడగొట్టలేదు. మెసేజ్ వచ్చే ఆ పదిహేను నిమిషాల్లో మాత్రం మంచివి ఒకటి రెండు గోడల చాటుకు దిగిపోయి, దీని మాటే చెల్లుతోంది.

ఇంకో మోసం కూడా ఉంది. ఇట్లా తప్పినప్పుడు మ్యాప్‌లో చుక్క చుట్టూ ఉండే నీలం వలయం చాలాసార్లు చిన్నగానే ఉంటుంది. సిగ్నల్ గోడకు తగిలి వచ్చిందని ఫోన్‌కు తెలియదు, అందుకే ధైర్యంగా తప్పు చెబుతుంది. వలయం చిన్నగా ఉంది కాబట్టి చోటు కరెక్టే అని నమ్మొద్దు.

ఏం చేశాం

వ్యాన్‌ను పదిహేను అడుగులు ముందుకు, రెండు బిల్డింగుల మధ్య సందు ఉన్న చోట పెట్టించాం. అక్కడ పడమటి ఆకాశం కొంచెం కనిపిస్తుంది. హద్దు 25 నుంచి 100 మీటర్లకు పెంచాం. టౌన్‌లో గోడల మధ్య 25 మీటర్ల హద్దు పెట్టడం నేను చేసిన తప్పు, ఇప్పుడు ఎవరికీ పెట్టను. మూడోది, ట్రాకర్ సెట్టింగుల్లో ఇగ్నిషన్ ఆఫ్ అయినప్పుడు ఆఖరి పాయింట్‌నే పట్టి ఉంచే ఆప్షన్ ఆన్ చేశాం. అయితే ఒకటి గుర్తుంచుకోండి, బండిని తోసుకుపోయినా, క్రేన్‌తో లాక్కుపోయినా అప్పుడు తెలియదు, కాబట్టి వైబ్రేషన్ అలారం కూడా ఉంటేనే ఇది పెట్టండి.

జీపీఎస్ శాటిలైట్లు ఒకటి కంటే ఎక్కువ ఫ్రీక్వెన్సీల్లో సిగ్నల్ పంపుతాయి. కొత్త ఫోనో ట్రాకరో కొనేటప్పుడు అందరూ వాడే ఎల్1తో పాటు ఎల్5 అనే సిగ్నల్ కూడా తీసుకునేది కొనండి. ఎల్5 కోడ్ పది రెట్లు వేగంగా నడుస్తుంది కాబట్టి, సూటిగా వచ్చిన సిగ్నల్‌నూ దాని వెనకే గోడకు తగిలి వచ్చినదాన్నీ బాగా విడదీస్తుంది. సూటిగా వచ్చేదే లేకుండా గోడకు తగిలింది ఒక్కటే అందితే మాత్రం ఎల్5 అయినా చేయగలిగింది తక్కువ. ఒక్క జీపీఎస్ మీదే ఆధారపడకుండా గ్లోనాస్, గెలీలియో లాంటి వేరే దేశాల శాటిలైట్లు కూడా పట్టేదైతే ఇంకా మేలు, గోడల మధ్య మంచివి దొరికే అవకాశం పెరుగుతుంది. వాటితో కలిసినప్పుడు నాలుగు నిమిషాల గుర్తు ఇంత శుభ్రంగా కనిపించదు, గ్లోనాస్ తిరిగే లెక్క వేరు.

షాపు లొకేషన్ సేవ్ చేసేవాళ్లు గుమ్మం ముందు నిలబడి "ప్రస్తుత లొకేషన్" నొక్కొద్దు. మ్యాప్‌ను శాటిలైట్ ఫొటోలోకి మార్చి, మీ మేడను గుర్తుపట్టి, దాని మీద వేలితో నొక్కి పిన్ పెట్టండి. ఒకసారి తప్పు పిన్ సేవ్ అయితే ప్రతి డెలివరీ అబ్బాయీ వెనక సందులోకే వస్తాడు.

ఇక సూర్యుడి మీద తుఫాను, ఎవరో జామర్ పెట్టారు లాంటివి మన వీధి స్థాయిలో నేను పట్టించుకోను. ఫోన్ చుట్టుపక్కల వైఫైలను బట్టి కూడా చోటు చెబుతుంది కాబట్టి, షాపు మారినప్పుడు పాత వైఫై రౌటర్‌ను కొత్త చోటుకు తెచ్చుకుంటే కొన్నాళ్లు ఫోన్ పాత అడ్రసే చూపించొచ్చు. వైఫైతో పాటు లొకేషన్ సెట్టింగుల్లో Wi-Fi scanning కూడా ఆఫ్ చేసి, ఆకాశం కనబడే చోట చూస్తే అది తేలిపోతుంది. నాకు ఫోన్ చేసేవాళ్లు మాత్రం చుక్క ఏ టైంకు జరిగిందో నాలుగైదు రోజులు రాసి పెట్టుకొని చేయండి.