యూకేలో 5జీ హోం రౌటర్: ఏ కిటికీ దగ్గర పెట్టాలి?

యూకేకి కొత్తగా వచ్చి కొన్ని నెలల కోసమే ఇల్లు తీసుకున్నవాళ్లు ఏడాది, రెండేళ్ల బ్రాడ్‌బ్యాండ్ కాంట్రాక్టులో ఇరుక్కోవడం కన్నా, సిమ్ వేసి ప్లగ్ పెడితే పనిచేసే 4జీ లేదా 5జీ రౌటర్, అదీ నెలనెలా మానేసే వీలున్న ప్లాన్‌లో తీసుకోవడం మేలని నా అభిప్రాయం. కొనే ముందు ఇక్కడి టెలికాం నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్ సైట్‌లో మీ పోస్ట్‌కోడ్ కొట్టి, ఇంటి లోపల ఏ నెట్‌వర్క్ బాగా వస్తుందో చూడండి.

రౌటర్ వచ్చాక దాని మీద వెలిగే గీతల్ని నమ్ముకోవద్దు. ఫోన్ దాని వైఫైకి కలిపి, అడుగున స్టిక్కర్ మీదున్న అడ్రస్ (చాలావాటికి 192.168.0.1 లేదా 192.168.1.1) బ్రౌజర్‌లో కొడితే సిగ్నల్ పేజీ దొరుకుతుంది. అందులో రెండు అంకెలు చాలు. RSRP అంటే సిగ్నల్ బలం, మైనస్‌లో ఉంటుంది, సున్నాకి ఎంత దగ్గరైతే అంత మంచిది: -90 బాగున్నట్టు, -110 దాటితే కష్టం. SINR అంటే ఆ సిగ్నల్ ఎంత శుభ్రంగా ఉందో చెప్పేది, ఇది ఎంత ఎక్కువుంటే అంత మంచిది.

మా ఇంట్లో వీధివైపు కిటికీలో RSRP -94, SINR 3. వెనక వంటగది కిటికీలో RSRP -102, SINR 14. చూడగానే వీధివైపే మేలనిపిస్తుంది కానీ, వీడియో కాల్ ఆగకుండా నడిచింది వంటగదిలోనే. వీధివైపు ఒకటికి మించి టవర్ల సిగ్నల్స్ వచ్చి ఒకదాన్నొకటి చెడగొడుతుంటే, వెనకవైపు ఇల్లే అడ్డుగోడై మిగతావాటిని ఆపుతోంది. అందుకే ప్రతి కిటికీ దగ్గరా పెట్టి, రీస్టార్ట్ చేసి, రెండు మూడు నిమిషాలు ఆగి ఈ రెండు అంకెలూ రాసుకోండి, స్పీడ్ టెస్ట్ కూడా చేయండి.

ఇంకో చిన్న పరీక్ష ఉంది. కిటికీ మూసి ఒకసారి, తెరిచి ఒకసారి RSRP చూడండి. తెరవగానే పది పాయింట్లు మెరుగైతే అడ్డు ఆ గాజే అన్నమాట, ఎందుకంటే ఇక్కడి కొత్త డబుల్ గ్లేజింగ్ అద్దాలకి వేడి బయటికి పోకుండా సన్నటి లోహపు పూత ఉంటుంది, అది సిగ్నల్‌నీ ఆపేస్తుంది. అలాంటప్పుడు పాత అద్దమున్న కిటికీ ఉంటే అక్కడికి మార్చి చూడండి. కిటికీ కింద రేడియేటర్ ఉంటే మాత్రం రౌటర్‌ని దాని పైన పెట్టొద్దు, చలికాలంలో వేడెక్కిపోతుంది, అద్దం మీద చేరిన నీళ్లు కారి తడుస్తుంది కూడా.

పొద్దున స్పీడ్ బాగుండి, రాత్రి ఎనిమిదింటికి RSRP మారకుండానే స్పీడ్ పడిపోతుంటే టవర్ మీద రద్దీ అనుకోవచ్చు, దానికి కిటికీ మార్చి లాభం లేదు, నెట్‌వర్కే మార్చాలి. ఆన్‌లైన్‌లోగానీ ఫోన్‌లోగానీ తీసుకున్న కాంట్రాక్టుని 14 రోజుల్లోపు రద్దు చేసుకునే హక్కు ఇక్కడుంది, వాడినంతవరకు డబ్బు కంపెనీ పట్టుకోవచ్చు. కాబట్టి రాత్రిపూట చేసే ఈ స్పీడ్ పరీక్ష మొదటి వారంలోనే కానిచ్చేయండి.