ఆవకాయ సీజన్: సప్లయర్లకు రేటు జవాబులు పంపే ముందు

కారం, ఆవపిండి, నువ్వుల నూనె కొటేషన్లన్నిటికీ ఒకే పూట జవాబులు రాసే పచ్చళ్ల వాళ్లకు.

– కాపీ చేసిన మెసేజ్‌లో పేరు, రేటు మళ్లీ చదవండి. ఒకరి రేటు ఇంకొకరికి వెళ్తే ఇద్దరి నమ్మకమూ పోతుంది, మళ్లీ సంపాదించడం చాలా కష్టం.

– కిరాయి కలిపి లెక్కేయండి. కిలో 240, కిరాయి 8 అంటే 248. షాపులో దింపి 246 అన్నవారే చవక.

– "కాస్త తగ్గించండి" అని వదిలేయకండి, బేరం సాగుతుంది. అంకె రాయండి: "అన్నా, శాంపిల్ కారం రంగు బాగుంది. 200 కిలోలకు, దింపుడుతో కలిపి 242 ఇవ్వగలం. సరుకు దిగిన వారంలో డబ్బు వేస్తాం."

– లేని పోటీ రేటు చెప్పకండి. మార్కెట్ ధర వాళ్లకు రోజూ తెలుస్తుంది.

– వద్దనుకున్నవారికీ ఆరోజే చెప్పండి. సరుకు మనకోసం ఆపి ఉంచుతారు పాపం.