సముద్రాన్ని చదవడం, 3వ పాఠం: పోటు రోజుకి రెండుసార్లు ఎందుకు?

గత పాఠంలో జెట్టీ మెట్ల మీద సుద్దతో గీతలు గీసి, అరగంటకొకసారి నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయో రాసుకోమన్నాను. విశాఖ తీరంలో పున్నమి రోజున రాసుకున్నవాళ్ళ లెక్క దాదాపు ఇలా ఉంటుంది. ఉదయం తొమ్మిదికి అటూఇటూగా పోటు నిండింది. మధ్యాహ్నం మూడు దాటాక నీళ్ళు బాగా దిగిపోయి, పాచి పట్టిన కింది మెట్లు బయటపడ్డాయి. రాత్రి తొమ్మిదిన్నర ప్రాంతంలో మళ్ళీ నిండింది. రెండు పోట్లకీ మధ్య పన్నెండు గంటల చిల్లర.

ఈ పాఠంలో ఆ చిల్లర ఎక్కడిదో, రెండో పోటు ఎందుకొస్తుందో చూసి, పంచాంగంలోని తిథిని బట్టి పోటు వేళ లెక్కగట్టడం నేర్చుకుందాం.

చంద్రుడు నీళ్ళని లాగుతాడని చిన్నప్పుడే విన్నాం. అదే పూర్తి జవాబైతే చంద్రుడున్న వైపు ఒక్కటే పోటు రావాలి. భూమి తిరుగుతూ రోజుకొకసారి మనల్ని ఆ ఉబ్బు కిందకి తీసుకెళ్ళాలి. మరి భూమికి అవతలి వైపు, చంద్రుడు కనిపించని చోట కూడా నీళ్ళు ఎందుకు పొంగుతున్నాయి?

బీచ్ రోడ్డు మీద మూడు బైకులు ఒకదాని వెనక ఒకటి ఆగి ఉన్నాయనుకోండి. మీరు మధ్య బైకు మీద ఉన్నారు. ముగ్గురూ ఒకేసారి ముందుకి కదిలారు. ముందువాడు మీకంటే కాస్త జోరుగా, వెనకవాడు మీకంటే కాస్త నెమ్మదిగా వెళ్తున్నారు. కాసేపయ్యాక మీ ముందూ వెనకా ఖాళీ పెరిగింది. వెనక్కి తిరిగి చూస్తే వెనకవాడు దూరమైపోతూ కనిపిస్తాడు. అతన్ని ఎవరూ వెనక్కి లాగలేదు, అతనూ ముందుకే వస్తున్నాడు. మీరే అతనికంటే ఎక్కువ ముందుకొచ్చేశారు.

మధ్య బైకు భూమి. ముందు బైకు చంద్రుడికి ఎదురుగా ఉన్న సముద్రం, వెనక బైకు అవతలి వైపు సముద్రం. చంద్రుడు భూమి కేంద్రానికి సగటున 3,84,400 కిలోమీటర్ల దూరంలో ఉన్నాడు. ఇటువైపు నీళ్ళు అతనికి దాదాపు 6,400 కిలోమీటర్లు దగ్గర, అటువైపు నీళ్ళు అంతే దూరం. కాబట్టి లాగుడు ఇటు సుమారు మూడు శాతం ఎక్కువ, అటు సుమారు మూడు శాతం తక్కువ. భూమి మొత్తంగా మధ్యలో ఉన్న లాగుడుకి తగ్గట్టు చంద్రుడి వైపు ఒరుగుతూ ఉంటుంది. ఇటు నీళ్ళు దానికంటే ముందుకి పోతాయి, అటు నీళ్ళు దానికంటే వెనకబడతాయి. ఫలితంగా రెండు వైపులా రెండు ఉబ్బులు. పోటుని పుట్టించేది చంద్రుడి లాగుడు కాదు, ఒక చోటికీ ఇంకో చోటికీ ఆ లాగుడులో ఉన్న తేడా. ఈ పాఠంలో ఒక్క ముక్కే గుర్తుంచుకోగలిగితే ఇది గుర్తుంచుకోండి.

సూర్యుడి సంగతి చూస్తే ఈ మాట ఇంకా గట్టిపడుతుంది. భూమి మీద సూర్యుడి లాగుడు చంద్రుడి లాగుడుకి దాదాపు 180 రెట్లు. అయినా పోటు పుట్టించడంలో సూర్యుడి బలం చంద్రుడి బలంలో సగం కూడా లేదు. పదిహేను కోట్ల కిలోమీటర్ల దూరం నుంచి చూస్తే భూమికి ఈ వైపున్నా ఆ వైపున్నా సూర్యుడికి పెద్ద తేడా లేదు మరి. అమావాస్యకీ పున్నమికీ సూర్యచంద్రులు ఒకే గీత మీదకి వస్తారు, ఇద్దరి ఉబ్బులూ కలిసి పెద్ద పోటు వస్తుంది. అష్టమి ప్రాంతంలో ఇద్దరూ అడ్డంగా ఉండి ఒకరి పనిని ఒకరు కొంత చెరిపేస్తారు. విశాఖలో పెద్ద పోటు రోజుల్లో నీళ్ళు దాదాపు ఒకటిన్నర మీటరు ఎక్కి దిగుతాయి, అష్టమి తర్వాత అర మీటరు ఎక్కడం కూడా కష్టం. పెద్ద పోటు సరిగ్గా పున్నమినాడే కాక, ఒకటి రెండు రోజులు ఆలస్యంగా రావడం కూడా మామూలే.

ఇక్కడ చాలామంది పొరపడే విషయం ఒకటుంది. చంద్రుడు నీళ్ళని పైకి ఎత్తుతాడని అనుకుంటారు. ఎత్తలేడు. నెత్తిన చంద్రుడున్నప్పుడు, ఈ తేడా వల్ల మన బరువు తొంభై లక్షల్లో ఒక వంతు మాత్రమే తగ్గుతుంది. 60 కిలోల మనిషికి అది సుమారు 7 మిల్లీగ్రాములు, ఒక బియ్యపు గింజలో సగం కూడా కాదు. అంత చిన్న బలం నీళ్ళని మీటరు ఎత్తడం జరిగే పని కాదు. అసలు పని పక్కవాటంగా జరుగుతుంది. చంద్రుడు నెత్తిన కాకుండా ఏటవాలుగా ఉన్న చోట్ల ఆ బలంలో కొంత భాగం నేలబారుగా పనిచేస్తుంది. అడ్డంగా జరగడానికి నీళ్ళు భూమి ఆకర్షణతో పోరాడనక్కర్లేదు. వేల కిలోమీటర్ల పొడవునా నీళ్ళన్నీ రవ్వంత రవ్వంత జరిగితే, ఒక చోట చేరే మొత్తం కనిపించేంత అవుతుంది. మన ఊరి చెరువులో పోటు కనిపించకపోవడానికి కారణం ఇదే. చెరువు నీళ్ళకీ అదే చంద్రుడు, అదే బలం. కానీ జరిగి వచ్చి చేరడానికి చుట్టూ అంత నీరు లేదు.

ఇప్పుడు చిల్లర సంగతి. భూమి ఒక చుట్టు తిరిగేసరికి చంద్రుడు తన దారిలో కొంచెం ముందుకి జరిగి ఉంటాడు. అతన్ని మళ్ళీ నెత్తిమీదకి తెచ్చుకోవడానికి భూమి సగటున ఇంకో 50 నిమిషాలు తిరగాలి. అంటే చంద్రుడి లెక్కలో రోజుకి 24 గంటల 50 నిమిషాలు. అందులో రెండు ఉబ్బులు, కాబట్టి పోటుకీ పోటుకీ మధ్య 12 గంటల 25 నిమిషాలు.

ఇంతవరకూ బాగానే ఉంది. కానీ పున్నమి రాత్రి పన్నెండింటికి తీరానికి వెళ్ళి చూడండి. చంద్రుడు ఆకాశంలో తన దారిలోని అత్యంత ఎత్తైన చోట ఉంటాడు. ఉబ్బు మన కిందే ఉండాలి. విశాఖలో మాత్రం ఆ వేళకి నీళ్ళు దిగిపోతూ ఉంటాయి, ఇంకో మూడు గంటలకి పాటు అడుగంటుతుంది. నాకు ఈ పాఠంలో అన్నిటికంటే ఇష్టమైన చోటు ఇదే. పుస్తకంలోని బొమ్మకీ కళ్ళ ముందున్న సముద్రానికీ పొత్తు కుదరదు.

ఎందుకంటే ఉబ్బు చంద్రుడి వెంట పరిగెత్తాలంటే భూమధ్యరేఖ దగ్గర గంటకి 1,600 కిలోమీటర్లకి పైగా వేగం కావాలి. నాలుగు కిలోమీటర్ల లోతున్న సముద్రంలో ఇంత పొడవాటి అల గంటకి 700 కిలోమీటర్ల చిల్లర మాత్రమే పోగలదు. పైగా దారికి అడ్డంగా ఆఫ్రికా, ఇండియా, ఆస్ట్రేలియా లాంటి నేలలున్నాయి. కాబట్టి నిజంగా జరిగేది వేరు. చంద్రుడు 12 గంటల 25 నిమిషాలకొకసారి సముద్రాన్ని ఊపుతూ ఉంటాడు. ప్రతి సముద్రమూ తన ఆకారానికీ లోతుకీ తగ్గట్టు ఊగుతుంది. ఊపు చంద్రుడిది, ఊగే తీరు సముద్రానిది. పళ్ళెంలో నీళ్ళు పోసి నెమ్మదిగా ఊపితే అంచుల్లో ఒక్కోచోట ఒక్కో వేళకి నీళ్ళు ఎక్కుతాయి కదా, అలాగన్నమాట. అందుకే పున్నమినాడు విశాఖలో పోటు తొమ్మిదికి నిండితే ముంబైలో పన్నెండు ప్రాంతంలో నిండుతుంది. గుజరాత్‌లో గరాటులా సన్నబడే ఖంభాత్ అఖాతంలో, భావ్‌నగర్ దగ్గర నీళ్ళు పది మీటర్లదాకా ఎక్కి దిగుతాయి. వియత్నాంలో దో సోన్ తీరానికి రోజుకి ఒక్కటే పోటు. చంద్రుడు భూమధ్యరేఖకి పైకో కిందకో జరిగినప్పుడు రెండు ఉబ్బులూ సమానంగా ఉండవు. ఆ తేడా వల్ల రోజుకొకసారి పడే ఊపు కూడా ఒకటి పుడుతుంది, అక్కడి గల్ఫ్ దానికే బాగా స్పందిస్తుంది. మన తూర్పు తీరం మాత్రం రోజుకి రెండుసార్ల ఊపుకే ఊగుతుంది.

ప్రతి తీరంలోనూ చంద్రుడు నెత్తిమీదకొచ్చే వేళకీ పోటు నిండే వేళకీ మధ్య ఒక ఎడం ఉంటుంది, అది దాదాపు మారదు. దాన్ని ఒకసారి కొలిస్తే చాలు, మిగతాది తిథి చెప్పేస్తుంది. ఒక తిథి అంటే సూర్యుడికీ చంద్రుడికీ మధ్య 12 డిగ్రీల ఎడం. భూమి 12 డిగ్రీలు తిరగడానికి 48 నిమిషాలు పడుతుంది. కాబట్టి అమావాస్యనాటి పోటు వేళకి, గడిచిన ఒక్కో తిథికి 48 నిమిషాల చొప్పున కలుపుకుంటూ పోవాలి. మన గడియారాన్ని నిర్ణయించే 82.5 డిగ్రీల రేఖ కాకినాడ దగ్గర్లోంచే పోతుంది. అందుకే కోస్తాలో గడియారం మధ్యాహ్నానికీ సూర్యుడి మధ్యాహ్నానికీ పెద్దగా సర్దుబాటు అక్కర్లేదు.

శుక్ల పంచమి తీసుకుందాం. ఐదు తిథులకి 240 నిమిషాలు, అంటే నాలుగు గంటలు. అమావాస్యకి తొమ్మిది అయితే పంచమికి మధ్యాహ్నం ఒంటిగంట. రెండో పోటు దానికి 12 గంటల 25 నిమిషాల తర్వాత, అంటే అర్ధరాత్రి దాటి 1.25కి.

కానీ ఆ రోజు మెట్ల మీద కూర్చుని చూస్తే పన్నెండుంపావుకే పోటు నిండిపోయి ఉండొచ్చు. లెక్క తప్పిందని టెన్షన్ పడకండి. సూర్యుడి ఉబ్బు కూడా ఉంది కదా. అది రోజూ ఒకే వేళకి, విశాఖలో తొమ్మిది దాటాక వస్తుంది. పంచమినాడు చంద్రుడి పోటు ఒంటిగంటకి, సూర్యుడిది తొమ్మిది దాటాక. రెండూ కలిసిన నీళ్ళు ఎత్తయ్యేది ఆ మధ్యలో, కాకపోతే బలమైన చంద్రుడి వైపుకి దగ్గరగా. అలా ముప్పావు గంటదాకా ముందుకొస్తుంది. ఏకాదశి ప్రాంతంలో చంద్రుడి పోటు సాయంత్రం ఆరు లోపు, సూర్యుడి తరువాతి పోటు రాత్రి తొమ్మిది దాటాక. అప్పుడు అంతే ఆలస్యమవుతుంది. అమావాస్యకీ పున్నమికీ దగ్గరి రోజుల్లో లెక్క బాగా కలుస్తుంది.

ఈ సవరణ చేసుకున్నాక కూడా తేడా ఎక్కువగా ఉంటే గాలిని చూడండి. సముద్రం మీంచి ఒడ్డుకి గట్టిగా గాలి కొడుతుంటే పాటు వేళ కూడా నీళ్ళు సరిగ్గా దిగవు. ఈ లెక్క తుపాను రోజుల్లో అసలు పనికిరాదు. అప్పుడు ఉప్పెన పోటు మీదకెక్కుతుంది, ఆ సమయంలో తీరానికి వెళ్ళకూడదు. పడవని మొగ దాటించడం లాంటి ప్రాణం మీది పనులకి రేవులో దొరికే పోటు పట్టికే వాడండి. మన లెక్క నేర్చుకోవడానికి.

వచ్చే పాఠానికి పని: రాబోయే అమావాస్యకి, మరుసటి పంచమికి, ఏకాదశికి మీ తీరంలో పోటు నిండే వేళలు రాసి తెండి. అలలు తగిలే ఒడ్డున కాకుండా జెట్టీ లోపలివైపు మెట్టు చూసుకోండి. నిండే వేళ నీళ్ళు అరగంటసేపు కదలనట్టే ఉంటాయి, ఏ నిమిషాన నిండిందో కంటికి తెలియదు. అందుకని పోటు ఎక్కేటప్పుడు ఒక గీతని తాకిన వేళ, దిగేటప్పుడు అదే గీతని మళ్ళీ తాకిన వేళ రాసుకుని, రెండిటికీ నడిమి వేళ తీసుకోండి. ఆ మూడు వేళలతో వచ్చేసారి మీ ఊరి పట్టిక మీరే గీస్తారు.